సవరణ: అధ్యక్షుడు చెప్పిన ఏనుగు సంగతి

"బంటు ఎక్కడికి వచ్చినా ఏనుగును ఆరో వరుస నుంచి కదపవద్దని జూనియర్లకు నేర్పాను." (చెస్ క్లబ్బు వార్షికోత్సవ విందులో, పదవి నుంచి తప్పుకుంటున్న అధ్యక్షుడి మాటగా నిన్న రాసినది)

సగం విని రాశాను, తప్పు నాదే. ఆయన చెప్పింది ఆట చివర్లో ఒక బంటు తక్కువున్నా ఏనుగుతో డ్రా చేసుకునే ఫిలిడోర్ రక్షణ గురించి. నల్ల రాజు e8లో, ఏనుగు a6లో. తెల్ల రాజు d5లో, బంటు e5లో, ఏనుగు h7లో ఉన్నాయనుకోండి. నల్ల ఏనుగు ఆరో వరుసను కాస్తున్నంతసేపు తెల్ల రాజు ముందుకు రాలేడు. బంటు e6కు వచ్చిందా, ఏనుగు వెంటనే a1కు దిగి వెనుక నుంచి చెక్‌లు ఇవ్వాలి. రాజు దాక్కోవలసిన గడిలో ఇప్పుడు బంటే కూర్చుంది కనుక ఆట డ్రా.

పిల్లలు తొందరపడి ముందే దిగేవారట. "చేతులు తొడల కింద పెట్టుకోమనేవాణ్ణి" అన్నారాయన. విందులో అందరూ నవ్వింది అందుకే.