పోస్ట్‌డాక్ మెయిల్‌లో డబ్బు సంగతి చివరి లైన్‌కి నెట్టేస్తే కుదరదు

పోస్ట్‌డాక్ కోసం ప్రొఫెసర్లకి వెళ్ళే మెయిల్స్‌లో చాలావాటికి చివర ఒక లైన్ ఉంటుంది, "ఏ ఫెలోషిప్‌కైనా అప్లై చెయ్యడానికి నేను రెడీ" అని. రాసినవాళ్ళకి అది ఉత్సాహం చూపించినట్టే ఉంటుంది కానీ చదివే ప్రొఫెసర్‌కి అది నెత్తిన పని పెట్టినట్టు, ఎందుకంటే ఏ స్కీమ్ సరిపోతుందో, డెడ్‌లైన్ ఎప్పుడో, అసలు ఈ మనిషికి అర్హత ఉందో లేదో అన్నీ ఆయనే కూర్చుని చూసుకోవాలి. అంత తీరిక ఎవరికీ ఉండదు, మెయిల్ అక్కడే ఆగిపోతుంది. నా అభిప్రాయం ఏంటంటే, పబ్లికేషన్లు, మెథడ్స్ ఎంత ముఖ్యమో ఈ ఫండింగ్ పేరా కూడా అంతే ముఖ్యం, పైగా మనవాళ్ళు అస్సలు పట్టించుకోనిది కూడా ఇదే.

ముందు ఒకటి తేల్చుకోవాలి. ల్యాబ్ ప్రకటన ఇచ్చిందా, లేక ఖాళీ ఉందో లేదో తెలియకుండా మనమే రాస్తున్నామా? ప్రకటన వచ్చిందంటే సాధారణంగా గ్రాంట్ డబ్బు ఆల్రెడీ ఉన్నట్టే, అలాంటప్పుడు ఫెలోషిప్పుల గురించి పేజీలు రాయక్కర్లేదు, ఆ గ్రాంట్‌లో ఏ పని మీరు చెయ్యగలరో, ఏ తేదీ నుంచి చేరగలరో చెప్తే చాలు. ఆ తేదీ మాత్రం నిజంగా చెప్పాలి, గ్రాంట్‌కి ముగింపు తేదీ ఉంటుంది కాబట్టి మీరు ఆరు నెలలు ఆలస్యంగా చేరితే ఆ ఆరు నెలల పని గల్లంతే. ప్రకటన లేకుండా రాసేటప్పుడే అసలు లెక్క మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. స్ట్రక్చరల్ బయాలజీలో 2024 డిసెంబర్‌లో పీహెచ్‌డీ వచ్చిన ఒక అమ్మాయి అనుకోండి, పీహెచ్‌డీ మధ్యలో 2023 జనవరి నుంచి 2024 ఫిబ్రవరి దాకా, అంటే 14 నెలలు, జర్మనీలో ఒక ల్యాబ్‌లో విజిటింగ్ స్టూడెంట్‌గా పనిచేసింది. 2025లో జర్మనీలోనే ఇంకో ల్యాబ్‌కి రాస్తూ "2025 మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి అప్లై చేస్తాను" అంటుంది. చూడ్డానికి బాగానే ఉంది కదా, కానీ అర్హత లేదు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఆ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి ఒక మొబిలిటీ రూల్ ఉంది, డెడ్‌లైన్‌కి ముందు 36 నెలల్లో హోస్ట్ దేశంలో, అంటే చేరబోయే ల్యాబ్ ఉన్న దేశంలో, మొత్తం 12 నెలలకి మించి ఉండటం గానీ ముఖ్యమైన పని చెయ్యడం గానీ జరిగి ఉండకూడదు. 2025 కాల్ డెడ్‌లైన్ సెప్టెంబర్ 10, అక్కడి నుంచి 36 నెలలు వెనక్కి వెళ్తే 2022 సెప్టెంబర్, ఆమె ఉన్న 14 నెలలూ ఆ 36 నెలల్లోనే పడతాయి. విజిటింగ్ స్టూడెంట్‌గానే కదా ఉన్నది అంటే కుదరదు, అది కూడా లెక్కలోకే వస్తుంది. ఈ స్కీమ్‌కి ముందు మనుషుల్ని పంపిన ప్రొఫెసర్ అయితే సీవీలో ఆ తేదీలు చూడగానే పట్టేస్తారు, పట్టేశాక మిగతా మెయిల్ మీద కూడా నమ్మకం తగ్గిపోతుంది.

అదే అమ్మాయికి దారులు లేవా అంటే ఉన్నాయి. మొబిలిటీ రూల్ హోస్ట్ దేశానికే పరిమితం కాబట్టి నెదర్లాండ్స్‌లోనో డెన్మార్క్‌లోనో ల్యాబ్ అయితే అదే మేరీ క్యూరీకి ఆ రూల్ అడ్డు రాదు. జర్మనీలోనే ఉండాలంటే హంబోల్ట్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, దానికి చూసేది అప్లై చేసే ముందు 18 నెలలు, అందులో 12 నెలలకి మించి జర్మనీలో ఉండకూడదు. 2025 సెప్టెంబర్‌లో అప్లై చేస్తే 18 నెలల వెనక్కి అంటే 2024 మార్చి, ఆమె అప్పటికే వెళ్ళిపోయింది కాబట్టి లెక్కలోకి వచ్చే నెలలు సున్నా. పీహెచ్‌డీ వచ్చి నాలుగేళ్ళు దాటకూడదన్న షరతు కూడా సరిపోయింది. పైగా దీనికి ఏడాదికోసారి వచ్చే డెడ్‌లైన్ అంటూ లేదు.

అంటే మెయిల్‌లో రాయాల్సింది ఇలా ఉంటుంది: "2023 జనవరి నుంచి 2024 ఫిబ్రవరి దాకా జర్మనీలోనే ఉన్నాను కాబట్టి మీ ల్యాబ్ నుంచి ఈ ఏడాది మేరీ క్యూరీకి నాకు అర్హత లేదు. హంబోల్ట్‌కి ఉంది. మీకు ఆసక్తి ఉంటే రీసెర్చ్ ప్లాన్ మొదటి డ్రాఫ్ట్ నెల రోజుల్లో పంపిస్తాను, మీ వైపు నుంచి కావాల్సింది హోస్ట్‌గా మీ అభిప్రాయ లేఖ." నాలుగు ముక్కలే కానీ ప్రొఫెసర్ చెయ్యాల్సిన లెక్క మొత్తం మీరే చేసి పెట్టారు, ఆయన ఎంత టైమ్ పెట్టాలో కూడా చెప్పేశారు. ఈ చివరిది చిన్న విషయం కాదు, మేరీ క్యూరీ అప్లికేషన్‌లో అసలు ప్రపోజల్ పది పేజీలు, అందులో ట్రైనింగ్, సూపర్‌విజన్ సంగతులు ల్యాబ్‌వాళ్ళు కలిసి రాయకపోతే నిలబడవు. ఫలితాలు రావడానికి కూడా నెలలు పడుతుంది, సెప్టెంబర్‌లో వేస్తే మామూలుగా ఫిబ్రవరి. కాబట్టి "వెంటనే చేరతాను" అనడానికీ "మేరీ క్యూరీతో వస్తాను" అనడానికీ పొత్తు కుదరదు, రెండూ ఒకే మెయిల్‌లో రాస్తే ఏదో ఒకటి ఆలోచించకుండా రాసినట్టే. రూల్స్ కాల్ కాల్‌కీ మారుతుంటాయి, ఎవరో ఫ్రెండ్ చెప్పింది కాకుండా ఆ ఏడాది గైడ్ చూసి లెక్క వేసుకోవాలి.

ఇక మెథడ్స్. క్రయో-ఈఎమ్ అంటే ప్రొటీన్ల శాంపిల్‌ని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతి, "క్రయో-ఈఎమ్‌లో అనుభవం ఉంది" అని మాత్రమే రాస్తే ఏమీ చెప్పనట్టే. శాంపిల్ పెట్టే గ్రిడ్లు మీరే తయారు చేశారా, ఫెసిలిటీవాళ్ళు చేసి ఇస్తే డేటా ప్రాసెసింగ్ మాత్రం చేశారా? రెండూ పనికొచ్చేవే కానీ రెండు వేరే ఉద్యోగాలు. ఎక్కడ ఇరుక్కున్నారో ఎలా బయటపడ్డారో ఒక్క వాక్యంలో చెప్తే పది టెక్నిక్‌ల పేర్ల కంటే ఎక్కువ చెప్పినట్టు. ఉదాహరణకి "పార్టికల్స్ అన్నీ గ్రిడ్ మీద ఒకే వైపు తిరిగి పడుకుంటుంటే స్టేజ్‌ని 30 డిగ్రీలు వంచి మళ్ళీ డేటా తీశాను, అంతకుముందు సాగిపోయినట్టు కనిపించిన మ్యాప్ అప్పుడు సరిగ్గా వచ్చింది" అని రాస్తే, అది చేతులతో చేసిన మనిషి రాసిందని ఆ ఫీల్డ్‌లో ఎవరికైనా అర్థమవుతుంది. చెయ్యనిది కూడా చెప్పొచ్చు, "మోడల్ బిల్డింగ్ మా సీనియర్ చేశారు, నేను ఇప్పుడు నేర్చుకుంటున్నాను" అంటే చిన్నతనం ఏమీ కాదు, ఇంటర్వ్యూలో ఎలాగూ బయటపడేదే.

పబ్లికేషన్ల లిస్ట్ సీవీలో ఉంటుంది, మెయిల్‌లో మళ్ళీ అతికించొద్దు. ఒకటి, మహా అయితే రెండు పేపర్లు తీసుకుని ఏం కనుక్కున్నారో ఒక వాక్యం, అందులో మీ చెయ్యి ఏంటో ఒక వాక్యం. ఎనిమిది మంది ఆథర్లలో ఐదో పేరు మీదైతే, ఏ ఫిగర్‌లో డేటా మీదో చెప్పండి, అది చాలా విలువైన సమాచారం. "అండర్ రివ్యూ" అంటే జర్నల్‌కి పంపేసి రివ్యూలో ఉందని, "ఇన్ ప్రిపరేషన్" అంటే ఇంకా రాస్తున్నారని, ఈ రెండూ కలిపేస్తే అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. ప్రీప్రింట్ పెట్టి ఉంటే లింక్ ఇచ్చెయ్యండి, ప్రొఫెసర్ తెరిచి ఫిగర్లు చూసుకుంటారు.

సబ్జెక్ట్ లైన్‌లో కూడా ఇదే పద్ధతి బాగుంటుంది, "పోస్ట్‌డాక్ విచారణ" అని ఊరికే పెట్టకుండా మీ ఫీల్డ్, స్కీమ్ పేరు, చేరగలిగే నెల పెట్టండి, "మెంబ్రేన్ ప్రొటీన్ క్రయో-ఈఎమ్, హంబోల్ట్ అప్లికేషన్, 2026 మధ్యలో" అన్నట్టు. ఆ రోజే చదవకపోయినా తర్వాత ఇన్‌బాక్స్‌లో వెతుక్కున్నప్పుడు దొరుకుతుంది.