ఏడీఎక్స్ 25 దాటితే ట్రెండ్ వచ్చినట్టేనా?

2023 ఆగస్టు తొలి రెండు వారాలూ బిట్‌కాయిన్ 29 వేల డాలర్ల చుట్టూ పెద్దగా కదలకుండా గడిపింది. 17వ తేదీ రాత్రి, మన కాలమానంలో 18వ తేదీ తెల్లవారుజామున, నిమిషాల వ్యవధిలో 26 వేల దిగువకు జారి, తిరిగి 26 వేల దగ్గర నిలబడింది. ఇలాంటి పతనం తర్వాత రోజువారీ చార్టులో, ట్రెండ్ బలాన్ని కొలిచే ఏడీఎక్స్ అనే సూచిక పైకి లేస్తుంది. దాన్ని చూసి డౌన్‌ట్రెండ్ మొదలైందని, ధర ఇంకా పడుతుందన్న పందెంతో షార్ట్ చేయవచ్చా అన్నదే అసలు ప్రశ్న. చేయకూడదని నా అభిప్రాయం. అందుకు కారణం ఆ సూచిక లెక్కలోనే ఉంది.

వెల్స్ వైల్డర్ 1978లో ప్రకటించిన ఈ సూచిక ధర ఏ దిక్కుకు పోతోందో చెప్పదు. పోతున్న దిక్కుకు ఎంత గట్టిగా పోతోందో మాత్రమే చెబుతుంది. నిన్నటి గరిష్ఠాన్ని నేటి గరిష్ఠం ఎంత దాటింది, నిన్నటి కనిష్ఠం కంటే నేటి కనిష్ఠం ఎంత దిగింది అని చూసి, రెండింటిలో పెద్దదాన్నే ఆ రోజు పైకి ఖాతాలోనో కిందికి ఖాతాలోనో వేస్తారు. నిన్నటి క్యాండిల్ లోపలే నేటి క్యాండిల్ ఇమిడిపోతే రెండు ఖాతాల్లోనూ సున్నా పడుతుంది. 14 రోజుల లెక్కలో రోజూ పాత మొత్తంలో పద్నాలుగో వంతు తీసేసి కొత్తది కలుపుతారు. రెండు ఖాతాల తేడాను వాటి మొత్తంతో భాగించి నూరుతో గుణిస్తే డీఎక్స్ వస్తుంది. దాన్ని మళ్లీ అదే పద్ధతిలో సగటు చేస్తే ఏడీఎక్స్. వాడుకలో 20 లోపు ఉంటే ధర ఒక పరిధిలోనే తిరిగే రేంజ్ అనీ, 25 దాటితే ట్రెండ్ అనీ అంటారు.

ఆ ఆగస్టును పోలిన అంకెలతో ఒక నమూనా లెక్క చూద్దాం. ఇవి సులువు కోసం సరిచేసుకున్నవే తప్ప చార్టు నుంచి తీసినవి కావు. పతనానికి ముందు పైకి ఖాతాలో 1,400, కిందికి ఖాతాలో 1,500 ఉన్నాయనుకుంటే డీఎక్స్ దాదాపు 3. కనిష్ఠం ఒక్క రోజులో 3,000 డాలర్లు దిగితే పైకి ఖాతా 1,300కు తగ్గి, కిందికి ఖాతా 4,393 అవుతుంది, డీఎక్స్ ఒక్కసారిగా 54కు ఎగబాకుతుంది. ఆ తర్వాత మూడు రోజులు ధర కదలక రెండు ఖాతాల్లోనూ సున్నాలే పడ్డాయనుకోండి. రెండు మొత్తాలూ ఒకే నిష్పత్తిలో తరుగుతాయి కనుక డీఎక్స్ ఆ 54 దగ్గరే ఉండిపోతుంది. 15 దగ్గరున్న ఏడీఎక్స్ మాత్రం దాన్ని అందుకోవడానికి 17.8, 20.4, 22.8, 25.1 అంటూ ఎక్కుతూనే ఉంటుంది. అంటే పతనం జరిగిన మూడో నాటికి, ధర నిశ్చలంగా ఉండగానే, సూచిక ట్రెండ్ వచ్చిందని ప్రకటిస్తుంది.

అప్పుడు జరిగిందీ చూడండి. బిట్‌కాయిన్ 26 వేల దగ్గరే పది రోజులకు పైగా గడిపింది. ఆగస్టు 29న క్రిప్టో నిధుల సంస్థ గ్రేస్కేల్‌కు అనుకూలంగా అమెరికా కోర్టు తీర్పు రాగానే 27 వేలు దాటి, రెండు మూడు రోజుల్లోనే మళ్లీ 26 వేలకు వచ్చింది. 26 వేల దగ్గర షార్ట్ చేసి, దగ్గర్లోనే స్టాప్ లాస్ పెట్టుకున్నవారు ఆ ఒక్క ఎగుడులో బయటపడిపోయి ఉంటారు.

ఈ బూటకాన్ని గుర్తుపట్టే దారి అదే చార్టులో ఉంది. నిజమైన డౌన్‌ట్రెండ్‌లో కొత్త కనిష్ఠాలు పడుతూ ఉంటాయి కనుక ఏడీఎక్స్‌తో పాటు, కిందికి ఖాతాను ధర రోజువారీ కదలికతో పోల్చి చూపే మైనస్ డీఐ గీత కూడా పైకి పోతుంది, లేదా ఎత్తులోనే నిలబడుతుంది. ఒక్క క్యాండిల్ ప్రభావమే అయితే ఏడీఎక్స్ ఎక్కుతుంటే, పైకి ఖాతాను అలాగే చూపే ప్లస్ డీఐ, ఈ మైనస్ డీఐ రెండూ దిగుతుంటాయి. అలాంటప్పుడు నేను ఆ 25ను లెక్కలోకి తీసుకోను. మన దగ్గర రోజువారీ క్యాండిల్ ఉదయం 5.30కు ముగుస్తుంది, ఈ పోలిక ఆ తర్వాత చేస్తేనే అర్థముంటుంది. కొనుగోళ్లు పలుచగా ఉండే చిన్న కాయిన్లలో ఒక్క పెద్ద ఆర్డర్ చాలు, ఇలాంటి క్యాండిల్ పుట్టడానికి; అక్కడ ఈ జాగ్రత్త మరీ అవసరం.

తిరగబడే ట్రెండ్‌లోనూ ఇదే సూచిక ఇంకోలా తడబడుతుంది. బలంగా పెరుగుతున్న ధర ఒక్కసారిగా కూలితే రెండు డీఐ గీతలూ దగ్గరై ఒకదాన్నొకటి దాటుతాయి, ఆ సమయంలో డీఎక్స్ సున్నా వైపు పడిపోతుంది, దాని వెంట ఏడీఎక్స్ కూడా దిగుతుంది. పడిపోతున్న ఏడీఎక్స్‌ను చూసి రేంజ్ అనుకుని కింద కొందామనుకుంటే, కూలుతున్న ధరకు ఎదురు నిలిచినట్టే.

కాబట్టి 20 లోపు చాలా రోజులుగా చదునుగా ఉన్న ఏడీఎక్స్‌నే నేను ఎక్కువ నమ్ముతాను. అక్కడ బ్రేకవుట్ వెంట పరుగెత్తే వ్యూహాన్ని పక్కన పెట్టవచ్చు. రేంజ్ అంచుల్లో కొని అమ్మే పద్ధతికి మాత్రం మన దేశంలో ఒక అదనపు భారం ఉంది: ప్రతి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కోత పడుతుంది, లాభం మీద 30 శాతం పన్ను కట్టాలి, ఒక ట్రేడ్ నష్టాన్ని మరో ట్రేడ్ లాభంలోంచి తీసేసుకునే వీలు లేదు. రేంజ్ వెడల్పు 4, 5 శాతమే అయితే, సూచిక సరిగ్గానే చెప్పినా, పది ట్రేడుల్లో నాలుగు తప్పితే మిగిలేది చాలా తక్కువ.