కల ఎందుకొస్తుందో తెలియాలంటే ముందు రెమ్‌ని పక్కన పెట్టాలి

చేతి గడియారం పొద్దున్నే "రెమ్ గంటన్నర" అని చూపిస్తే, రాత్రి గంటన్నర కలలు కన్నామని అనుకునేవాళ్లు చాలామంది. కళ్లు రెప్పల కింద వేగంగా కదిలే రెమ్ దశనే కలగా లెక్కవేయడం మనకు అంతగా అలవాటైపోయింది. కల ప్రయోజనం మీద జరిగే చర్చను ఇన్నేళ్లుగా పక్కదారి పట్టించింది ఈ లెక్కేనని నా వాదన.

ఈ లెక్క ఊరికే పుట్టలేదు. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ రెమ్‌ని గుర్తించారు. 1957లో డిమెంట్, క్లైట్‌మన్ నిద్రపోయేవాళ్లను మధ్యలో లేపి అడిగారు. రెమ్‌లో లేపిన 191 సార్లలో 152 సార్లు కల చెప్పారు. మిగతా దశల్లో 160 సార్లు లేపితే 11 సార్లే చెప్పారు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ 1960ల మొదట్లో డేవిడ్ ఫోక్స్ ప్రశ్న మార్చాడు. "కల వచ్చిందా?" అనకుండా "లేపే ముందు మనసులో ఏం నడుస్తోంది?" అని అడిగాడు. రెమ్ కాని నిద్రలోంచి లేచినవాళ్లు కూడా సగానికి పైగా సార్లు ఏదో ఒకటి చెప్పారు. అంటే ఆ తేడాలో కొంత మనం అడిగిన తీరులోనే ఉంది.

2017లో వచ్చిన ఫ్రాన్సెస్కా సిక్లారి బృందం అధ్యయనం దీన్ని మెదడులోనే చూపించింది. తలకు 256 ఎలక్ట్రోడ్లు పెట్టి, రాత్రంతా పదేపదే లేపి అడిగారు. నిద్ర గాఢమయ్యే కొద్దీ మెదడులో నెమ్మదైన, పెద్ద తరంగాలు వస్తాయి. తల వెనక భాగంలో, చూపుకీ చోటు గుర్తింపుకీ సంబంధించిన ప్రాంతంలో, ఈ నెమ్మది తరంగాలు తగ్గినప్పుడు కల ఉంది. అవి బలంగా ఉన్నప్పుడు లేదు. రెమ్‌లోనైనా, మిగతా నిద్రలోనైనా ఇదే తీరు. అంటే మెదడు మొత్తం గాఢ నిద్రలో ఉన్నట్టు కనిపించినా, వెనక ఒక మూల మేలుకుని ఉండొచ్చు. కొద్దిపాటి ఎలక్ట్రోడ్లతో తీసిన గ్రాఫ్ చూసి "ఇది ఫలానా దశ" అని పేరు పెట్టేస్తే ఈ సంగతి దొరకదు.

ఇప్పుడు ప్రయోజనం దగ్గరికి వద్దాం. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న ప్రయోగం 2010లో ఎరిన్ వామ్స్‌లీ, రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం చేసింది. 99 మందికి కంప్యూటర్ తెర మీద ఒక చిక్కుదారుల ఆట నేర్పారు. తర్వాత కొందరిని కాసేపు పడుకోబెట్టారు, మిగతావాళ్లను మేలుకుని ఉండనిచ్చారు. కొన్ని గంటలకు మళ్లీ పరీక్ష పెట్టారు. పడుకున్నవాళ్లలో ఆ ఆట గురించి కల కన్నది నలుగురే. కల రానివాళ్ల కంటే వాళ్ల మెరుగుదల దాదాపు పది రెట్లు. మేలుకుని అదే ఆట గురించి ఆలోచించినవాళ్లకు మాత్రం ఆ లాభం రాలేదు. పైగా అది రెమ్ లేని కునుకు.

అసలు విశేషం ఆ కలల్లో ఉంది. దారి మొత్తాన్ని మళ్లీ నడిచినవాళ్లు లేరు. ఒకరికి ఆటలోని సంగీతం మాత్రమే వినిపించింది. మరొకరికి ఆట నుంచి మనసు ఎప్పుడో చూసిన గబ్బిలాల గుహల మీదికి మళ్లింది, అవీ చిక్కుదారుల్లాగే ఉంటాయి కదా. మెదడు కొత్త పాఠాన్ని తీసుకుని పాత జ్ఞాపకాల్లో దీనికి పోలినది ఏముందా అని వెతుకుతోంది. ఎలుకల్లో ఈ పనిలోని మొదటి సగాన్ని ముందే చూశారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో, పగలు తిరిగిన చోట్లకు సంబంధించిన కణాలే గాఢ నిద్రలో మళ్లీ కలిసి చురుగ్గా మారడం 1994లో విల్సన్, మెక్‌నాటన్ గమనించారు. కొత్తదాన్ని పాతదానితో ముడివేసే పని మనకు తెలిసే రూపమే కల అని నేను నమ్ముతున్నాను.

ఒప్పుకోనివాళ్ల మాటలో బలం లేకపోలేదు. నలుగురంటే చాలా తక్కువ, పైగా వాళ్లు మొదటి పరీక్షలో వెనకబడ్డవాళ్లు, కాబట్టి ఎదగడానికి చోటు ఎక్కువ. కల ఆ పనికి సాక్ష్యమే తప్ప కారణం కాకపోవచ్చు కూడా. మెదడు కాండం నుంచి వచ్చే అడ్డదిడ్డమైన సంకేతాలకు అతికించిన కథే కల అని 1977లోనే హాబ్సన్, మెకార్లీ అన్నారు. కానీ రాత్రంతా నిద్రతో 2019లో చేసిన ప్రయోగంలోనూ కలకీ మెరుగుదలకీ సంబంధం మళ్లీ కనిపించింది. హాబ్సన్ సిద్ధాంతానికి మార్క్ సోల్మ్స్ పరిశీలించిన రోగులు గట్టి చిక్కు తెచ్చారు: మెదడు ముందు భాగంలో లోపలి తెల్ల పదార్థం దెబ్బతిన్నవాళ్లకు రెమ్ మామూలుగానే ఉంది, కలలు మాత్రం ఆగిపోయాయి.

అందుకే గడియారం చూపించే నిమిషాలు నాకు చిరాకు తెప్పిస్తాయి. అది గుండె వేగం, కదలికల నుంచి దశను అంచనా వేస్తుంది. మెదడు తరంగాలను అది చూడదు. "రెమ్ తక్కువైంది" అన్న అంకె చూసి టెన్షన్ పడి, ఆ టెన్షన్‌తోనే నిద్ర పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. కలల పరిశోధనలో పెద్ద మలుపులు చాలావరకు యంత్రం పక్కన కూర్చుని మనిషిని అడిగినప్పుడే వచ్చాయి. నిద్ర సమస్యతో వచ్చినవారికి రాత్రంతా పరీక్ష చేసే చోట కూడా, ఒకట్రెండు సార్లు లేపి "ఇప్పుడు మనసులో ఏముంది?" అని అడిగి, ఆ జవాబును గ్రాఫ్ పక్కనే రాసి పెట్టాలి.