మిస్‌మ్యాచ్ గారికో దండం

మిస్‌మ్యాచ్ గారూ, నమస్కారమండి. తమరి దయ వల్ల మొన్న శుక్రవారం నా పీఎఫ్ డబ్బులు పడ్డాయి. పాస్‌బుక్‌లో 1,50,000, బ్యాంకు మెసేజ్‌లో 1,20,000. ఆ మెసేజ్ వచ్చేసరికి సెంట్రింగ్ మేస్త్రి మా అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడండి.

రెండు బస్సులు మారి ఆఫీసుకెళ్తే మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి చివరికి "పాన్ వెరిఫై అవలేదండి, అందుకే 20 శాతం పన్ను కోశారు" అన్నారు. పాన్ ఉందండి, జేబులోనే ఉంది! కానీ అందులో వీర వెంకట సత్యనారాయణ, పీఎఫ్‌లో వి.వి. సత్యనారాయణ. అన్నవరం మొక్కుతో పుట్టినోళ్ళు మా ఊళ్ళో వీధికి నలుగురుంటారు, అందర్నీ వి.వి. అనే పిలుస్తారు, అదే రాసేశాను, తమరికి మాత్రం మేమిద్దరం వేరువేరు మనుషులం. కేవైసీ పేజీలో పాన్ పక్కన "పెండింగ్" అని రెండేళ్ళుగా ఉందట. నేను చూళ్ళేదు, ఒప్పుకుంటాను.

సరే, పాన్ కలిసుంటే 10 శాతమే, 15,000 పోయేది. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది అది కాదండి. అసలు రూపాయి కూడా పోనక్కర్లేదు! అయిదేళ్ళ సర్వీసు నిండితే ఈ కోతే ఉండదు. రొయ్యల ప్లాంటులో 3 ఏళ్ళ 2 నెలలు, తర్వాత ఫీడ్ కంపెనీలో 2 ఏళ్ళ 4 నెలలు, కలిపితే అయిదున్నర. కాకపోతే పాత కంపెనీలో పుట్టినరోజు ఒకటి, ఆధార్‌లో ఇంకోటి (హెడ్‌మాస్టారు గారి చలవ), దాంతో కొత్త కంపెనీలో నాకు యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు ఇంకోటి పుట్టింది, పాత డబ్బు దీంట్లోకి ట్రాన్స్‌ఫర్ అవలేదు. ట్రాన్స్‌ఫర్ అయితేనే పాత సర్వీసు కలుస్తుందట. నేనేమో స్లాబ్ తొందరలో రెండో దాన్ని మాత్రం క్లెయిమ్ చేశాను. అంటే తమరి లెక్కలో రెండేళ్ళ నాలుగు నెలల పిల్లోణ్ణి.

పన్ను కొయ్యొద్దని రాసిచ్చే 15జి ఫారం పెట్టాల్సింది కదా అని మా బావ సలహా. దానికీ పాన్ ఉండాలి బావా.

పోనీ రిటర్న్ వేసి లాక్కుందామా అంటే, ఎవరి పాన్ మీద ఎంత పన్ను జమైందో చూపే 26ఏఎస్‌లో నా 30,000 లేవు. పాన్ లేకుండా కోశారు కదా, ప్రభుత్వానికి చేరాయి గానీ ఎవరివో రాసిలేదు. పీఎఫ్ వాళ్ళు ఎవరి దగ్గర ఎంత కోశారో చెప్పే వాళ్ళ టీడీఎస్ రిటర్న్ సవరించి నా పాన్ ఎక్కిస్తేనే కనపడతాయి. ఎక్కించాలంటే ముందు పేరు సరిచెయ్యాలి, నా కేసులో దానికి నేనూ కంపెనీ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ కావాలట, కంపెనీ ఒప్పుకోవాలట. కంపెనీ హెచ్‌ఆర్ ఫోనెత్తదు. ఏంటండీ ఇది, దోచుకోవడం కాకపోతే? నా జీతంలో నెలనెలా కోసినప్పుడు మాత్రం వి.వి. ఎవరని ఒక్కసారైనా అడిగారా?

మేస్త్రి రేపొస్తానని వెళ్ళాడు. ఊచలు తుప్పు పడతన్నాయి.

ఇట్లు,
వి.వి. సత్యనారాయణ
వీర వెంకట సత్యనారాయణ
(ఇద్దరమూ ఒకే చేత్తో సంతకం పెట్టాం)