రెండో ప్రశ్న అంటే భయం

ప్రతి స్నేహితుల గుంపులో ఇలాంటివాడు ఒకడుంటాడు. తలకోన వెళ్దామనేది వాడే, చంద్రగిరి కోటకు పోదామనేది వాడే, ఎవరి పుట్టినరోజయినా కేకు తెప్పించేదీ వాడే. అందరూ వాడిని కలుపుగోలు మనిషి అంటారు. కానీ వాడితో మీరొక్కరే కూర్చుని చివరిసారి టీ తాగింది ఎప్పుడో గుర్తు తెచ్చుకోండి. నాకైతే గుర్తు రాలేదు. మావాడు బెంగళూరు నుంచి తిరుపతికి తిరిగొచ్చి నాలుగేళ్లయింది, ఈ నాలుగేళ్లలో కలిసిన ప్రతిసారీ మా చుట్టూ కనీసం ఇంకో ముగ్గురున్నారు.

మొదట్లో ఇదేదో యాదృచ్ఛికం అనుకున్నాను. శ్రీవారి మెట్టు సంగతి జరిగాక ఆ మాట అనలేకపోయాను. ఆదివారం పొద్దున ఐదున్నరకి బయలుదేరి, శ్రీనివాసమంగాపురం దగ్గర మెట్లెక్కి, పైన దర్శనం కుదిరితే చేసుకుని, లేకపోతే ఊరికే దిగి వద్దామని వాడే గ్రూపులో పెట్టాడు. ఏడుగురు సై అన్నారు. మామూలే, శనివారం సాయంత్రానికి ఒకడికి జ్వరం, ఒకడికి అత్తగారొచ్చారు, ఇంకో ఇద్దరు చప్పుడు లేదు. రాత్రి తొమ్మిదికి మిగిలింది ముగ్గురం. అప్పటికీ ప్లాన్ ఉంది. పదిన్నరకి ఆ మూడోవాడు కూడా రాలేనన్నాడు. ఐదు నిమిషాల్లో మావాడి మెసేజ్: 'సరే రా, అందరికీ కుదిరినప్పుడు వెళ్దాంలే.'

ఏడుగురు ముగ్గురైనా రద్దు కాని ప్లాన్ ఇద్దరవగానే రద్దయిపోయింది. 2,388 మెట్లు. మధ్యమధ్యలో ఆగుతూ ఎక్కితే రెండు గంటల పైనే పడుతుంది. ఆ రెండు గంటలూ పక్కన నేనొక్కడినే ఉంటాను. వాడికి బరువైంది మెట్లు కాదని నాకు ఆ రాత్రే అర్థమైంది.

ఇలాంటి మనిషి గురించి తెలుసుకోవాలంటే గుంపు నిండుగా ఉన్న రోజు చూసి లాభం లేదు. గుంపు పలచబడిన రోజు ఏం చేశాడో చూడాలి. అది ఎవరూ పెట్టని పరీక్ష, అందుకే అందులో నటన తక్కువ.

జార్జ్ సిమ్మెల్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వందేళ్లకు ముందే ఒక మాట గమనించాడు. ఇద్దరున్న చోట ఒకరు లేచి వెళ్లిపోతే ఆ బంధమే అక్కడ ఉండదు, ముగ్గురున్న చోట ఒకరు వెళ్లినా గుంపు మిగులుతుంది. వినడానికి చిన్న లెక్కలాగే ఉంటుంది కానీ దాన్ని మన టీ కొట్టు దగ్గరికి తెచ్చి చూడండి. ఇద్దరే ఉంటే మౌనం వచ్చినప్పుడు దాన్ని మోయాల్సింది మీరిద్దరే. ముగ్గురుంటే మూడోవాడి భుజాన వేసి ఫోన్ చూసుకోవచ్చు. ఇక ఏడుగురుంటే అసలు మాటే ఒక్కటిగా సాగదు, నలుగురు దాటగానే రెండుగా చీలుతుంది. అప్పుడు ఇటు మాట కాస్త లోతుకు పోతోందనిపించగానే అటు తిరిగి 'ఏమంటున్నారప్పా మీరు' అంటే చాలు, తప్పించుకున్నట్టే. మావాడికి ఈ విద్యలో మంచి ప్రావీణ్యం.

ఇంతకీ దేన్నుంచి తప్పించుకోవడం? నా మటుకు నాకు జవాబు స్పష్టంగా ఉంది: రెండో ప్రశ్న నుంచి. గుంపులో ఎవరైనా మొదటి ప్రశ్నే అడుగుతారు. ఎలా ఉన్నావ్, ఉద్యోగం ఎలా ఉంది, అమ్మ బాగుందా. 'బాగుంది' అంటే అయిపోయింది, మాట ఇంకొకరి మీదికి వెళుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు ఆ 'బాగుంది' తర్వాత ఒక ఖాళీ వస్తుంది, ఎదుటివాడు కాసేపు ఆగి 'నిజం చెప్పు' అంటాడు. ఆ రెండో ప్రశ్న గుంపులో పుట్టదు. జీతం ఆగిపోయినవాడు, ఇంట్లో మాటల్లేనివాడు, పెళ్లి సంబంధం చెడిపోయింది అని ఇంకా ఎవరికీ చెప్పనివాడు గుంపును పోగేసుకునేది అందుకే.

పిలిచేది ఆడమనిషయినా, మగవాళ్లతో కలవాల్సి వచ్చినా లెక్క వేరు, ఒప్పుకుంటాను. మన ఊళ్లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ప్రకాశం పార్కులో పది నిమిషాలు కూర్చుంటే ఇంటికి వెళ్లేలోపు కబురు ముందే చేరుతుంది. అలాంటప్పుడు నలుగురిని వెంటేసుకు రావడం జాగ్రత్త, దాంట్లో అర్థాలు వెతకక్కర్లేదు. చిన్నపిల్లలున్నవాళ్లకి నెలకి ఒక్క సాయంత్రం దొరికితే అందర్నీ ఒకేసారి కలిసేద్దాం అనుకుంటారు, అదీ న్యాయమే. కానీ వాళ్లు గుంపులోనే కాసేపు మిమ్మల్ని పక్కకి లాగి మాట్లాడతారు. మావాడు పక్కకి రాడు. తేడా అక్కడ తెలుస్తుంది.

ఇంకో అనుమానం, కాస్త చేదుది: వాడు అందరితోనూ ఇలాగేనా, మీతోనేనా? ఇది తేల్చుకోవాలంటే 'ఎప్పుడైనా కలుద్దాం' అని లాభం లేదు, దానికి ఎవరైనా ఊఁ అంటారు. రోజు, గంట, చోటు చెప్పి చిన్నది అడగాలి. నేను అడిగాను: 'గురువారం ఆరింటికి లీలామహల్ సర్కిల్ దగ్గర, అరగంట, టీ.' కుదరదంటూ ఇంకో రోజు చెప్పేవాడు నిజంగా తీరికలేనివాడు. మావాడు 'సూపర్, వాళ్లనీ పిలుద్దాం' అన్నాడు. ఇంకో నెల ఆగి మళ్లీ అడిగితే మళ్లీ అదే. తర్వాత గ్రూపులో ఇంకో ముగ్గురిని విడివిడిగా కదిపితే వాళ్లతోనూ వాడు ఒంటరిగా కూర్చుంది లేదట. అందుకే నాకు కోపం పోయింది. వాళ్లతో కూర్చుని నాతో కూర్చోకపోతే అది నాకిచ్చిన జవాబు, దాన్ని మర్యాదగా తీసుకుని తప్పుకోవడమే. ఎవరితోనూ కూర్చోకపోతే అది వాడి లోపలి సంగతి.

నిజానికి మావాడిని ఒక్కడినే అనడం అన్యాయం. ఊరు ఊరంతా ఇలాగే తయారైంది. మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూడటానికి వచ్చినవాళ్లలో ఒక్కడిగా వచ్చినవాళ్లు ఇద్దరే, మిగతావాళ్లంతా ముగ్గురు నలుగురు కలిసి వచ్చారు, యాపిల్ పళ్లు బల్ల మీద పెట్టి, మంచం చుట్టూ నిలబడి, రోడ్ల గురించి, ఎండల గురించి వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని వెళ్లిపోయారు. నాన్న కళ్లు మూసుకుని పడుకున్నట్టు నటించాడు. అదే మా తాత రోజుల్లో సాయంత్రమైతే ఎవరో ఒకరు పనేం లేకుండా వచ్చి తిన్నె మీద కూర్చునేవాళ్లు, అరగంట మాట్లాడకపోయినా ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఇప్పుడు 'నీతో కొంచెం మాట్లాడాలి, ఒక్కడివే రా' అంటే అప్పో, సంబంధమో, ఇన్సూరెన్స్ పాలసీనో అని గుండె దడదడలాడుతుంది. పనిలేని కలయికకు మనకిక పేరు కూడా మిగల్లేదు, దాని చోట అరవైమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో కేకు బొమ్మ.

మావాడి దగ్గరికి మళ్లీ వస్తాను. తలకోన నుంచి ఒకసారి రాత్రి తిరిగొస్తున్నాం, కారు వాడు నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో. భాకరాపేట ఘాట్ దగ్గరికొచ్చేసరికి వెనకాల ముగ్గురూ నిద్రపోయారు. వాడికి అది తెలియదు. అద్దంలో చూసి తెలుసుకున్నాక పాట సౌండ్ కొంచెం పెంచాడు. ఇంకో రెండు మలుపులు తిరిగాక, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, 'బెంగళూరులో నేను మానేయలేదు రా, తీసేశారు' అన్నాడు. నేను ఊఁ అన్నాను. వెనక ఒకడు దగ్గాడు, వాడు వెంటనే టీ కోసం ఎక్కడ ఆపుదాం అని గట్టిగా అడిగాడు. నాలుగేళ్లలో వాడు నాతో మాట్లాడింది ఆ ఒక్క వాక్యం. ఎదురెదురుగా కూర్చునే టీ బల్ల మీద అది వచ్చేది కాదు.

మొన్న గ్రూపులో మళ్లీ పెట్టాడు, హార్స్‌లీ హిల్స్, వచ్చే నెల, ఎవరెవరు వస్తారని. నేను సై అన్నాను. విడిగా వాడికి ఇంకోటి పంపాను: 'ముందు రోజు సాయంత్రం మీ ఇంటి దగ్గరికొస్తా, ఇద్దరం పోయి కారు టైర్లలో గాలి చూపిద్దాం.' నీలం టిక్కులు పడి రెండు రోజులైంది. వాళ్లనీ పిలుద్దాం అని మాత్రం ఇంకా అనలేదు.