వేలి వేగాన్ని చూసి నైపుణ్యం అనుకుంటున్నాం

ఫోను చేతికిస్తే చాలు, మిగతాదంతా పిల్లలే నేర్చుకుంటారన్న నమ్మకం ఇళ్లలోనూ బడుల్లోనూ పాతుకుపోయింది. దానికి పేరు పెట్టింది అమెరికన్ రచయిత మార్క్ ప్రెన్‌స్కీ. కంప్యూటర్ల మధ్య పెరిగిన తరాన్ని 2001లో ఆయన ‘డిజిటల్ నేటివ్స్’ అన్నారు. పెద్దలను ఆ లోకానికి వలస వచ్చినవారితో పోల్చారు. పోలిక ఆకట్టుకుంది కనుక నిలిచిపోయింది. ఆధారాలు మాత్రం దాని వెంట రాలేదు. 2008లో స్యూ బెన్నెట్ బృందం అప్పటి అధ్యయనాలను పరిశీలించి, తరమంతా ఒకే నైపుణ్యంతో ఉందనడానికి తగిన రుజువు లేదని తేల్చింది.

అసలు లోటు ఎక్కడుందో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో వెల్లడించిన అధ్యయనం చూపిస్తుంది. వారు అమెరికాలోని 3,446 మంది హైస్కూలు విద్యార్థులకు ఫేస్‌బుక్‌లో తిరిగిన ఒక వీడియో చూపించారు. కొందరు బ్యాలెట్ పెట్టెల్లో ఓట్లు కుక్కుతుంటారు. అది 2016 అమెరికా ప్రాథమిక ఎన్నికల్లో జరిగిన మోసమని పోస్టు చెబుతుంది. మోసానికి ఇది బలమైన సాక్ష్యమేనా? ఇంటర్నెట్‌లో ఏమైనా వెతుక్కోవచ్చని ముందే చెప్పారు. 52 శాతం మంది అవునన్నారు. నిజానికి ఆ దృశ్యాలు రష్యావి. కొద్దిపాటి వెతుకులాటతో తెలిసే సంగతి అది. వీడియో మూలం దాకా వెళ్లినవారు మాత్రం ముగ్గురే.

ఈ పిల్లలకు బ్రౌజర్ తెరవడం, వెతకడం చేతకాక కాదు. వెతకాలన్న ఆలోచనే రాలేదు. కళ్లు చూస్తున్నదాన్నే తరచి చూశాయి, దాన్ని ఎవరు పెట్టారని అడగలేదు.

వయసు పెరిగితే, పెద్ద చదువు చదివితే ఈ అలవాటు దానంతట అదే వస్తుందా? స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 10 మంది చరిత్రకారులను, 10 మంది నిజ నిర్ధారకులను, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను ఒకే పరీక్షకు కూర్చోబెట్టారు. రెండు పిల్లల వైద్యుల సంఘాల వెబ్‌సైట్లలో ఏది ఎక్కువ నమ్మదగింది? ఒకటి వేలాది సభ్యులున్న పాత సంఘం. రెండోది దాని నుంచి విడిపోయిన చిన్న వర్గం. విద్యార్థుల్లో సగానికి పైగా చిన్న వర్గం వైపే మొగ్గారు. పేజీ పొందిక, చివర ఇచ్చిన మూలాల పట్టిక, గంభీరమైన పేరు వారిని ఒప్పించాయి. నిజ నిర్ధారకులు ఆ పేజీ మీద ఎక్కువసేపు నిలవలేదు. పక్కన కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంఘం గురించి ఇతరులు ఏమంటున్నారో చదివారు. చరిత్రకారుల్లోనూ కొందరు బోల్తాపడ్డారు. కాబట్టి దీన్ని వయసుకో, తరానికో ముడిపెట్టలేం. ఇది వృత్తిలో సాధన చేసిన అలవాటు.

పేజీ వదిలి పక్కకు వెళ్లి చదివే ఈ పద్ధతిని నేర్పవచ్చు కూడా. 50 నిమిషాల పాఠాలు ఆరు చెప్పాక హైస్కూలు విద్యార్థులు మెరుగుపడ్డారని అదే బృందం తర్వాత చూపింది. ‘వాళ్లకు అన్నీ తెలుసు’ అనుకున్న బడిలో ఆ ఆరు పాఠాలకు ఎవరూ సమయం కేటాయించరు.