ఒక్క కాలమ్ తీసేశాడు, ఏడాది లెక్క గంగలో కలిసింది

ఒళ్లు మండిపోతా ఉంది, రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. అల్లూరు వైపు రొయ్యల గుంటలున్న ఒకాయనకి నెల్లూరులో కూర్చుని లెక్కలు రాస్తా. పోయిన ఏడాది బిల్లులు 380. అన్నీ స్కాన్ కాగితాలే. వాటన్నిటినీ కాగితం చదివే సాఫ్ట్‌వేర్‌తో ఒక్క ఎక్సెల్ షీటులోకి తెచ్చి, ఒక్కో సరుకుకి ఒక్కో వరుస వేసి, పదకొండు రోజులు కూర్చుని ఇచ్చా. ఈరోజు మీటింగులో ఆయన మేనల్లుడు దాన్ని తెరపై పెట్టాడు. నేను పెట్టిన 'యూనిట్' కాలమ్ అందులో లేదు. "అది అడ్డంగా ఉందని తీసేశా అక్కా, అంకెలు చాలుగా" అన్నాడు.

చాలవయ్యా! మన మేత డీలర్లలో ఒకాయన 40 బస్తాలు అని రాసి బస్తా రేటు 2,250 వేస్తాడు. ఇంకొకాయన అదే మేతని 1,000 కిలోలు అని రాసి కిలో రేటు 90 వేస్తాడు. బస్తా 25 కిలోలు కాబట్టి రెండు బిల్లులూ 90,000 రూపాయలే, రెండూ వెయ్యి కిలోల మేతే. ఇతను పరిమాణం కాలమ్ మొత్తం కూడేశాడు. 40కి 1,000 కలిపితే 1,040. నిజంగా గుంటల్లో పడ్డ మేత 2,000 కిలోలు. ఇలా ఏడాది పొడుగునా కూడితే ఎఫ్‌సీఆర్ 0.7 వచ్చింది. అంటే కిలో రొయ్యకి ముప్పావు కిలో మేత కూడా పట్టలేదన్నమాట. మన గుంటల్లో కిలోంపావు నుంచి కిలోన్నర దాకా పడుతుందని చిన్న పిల్లాడికి కూడా తెలుసు. అయినా అందరూ సంబరపడిపోయి, వచ్చే పంటకి మేత ఆర్డరు తగ్గిద్దామన్నారు. నా గుండె ఆగినంత పనయింది.

ఈ తప్పు ఎక్కడా ఎర్రగా కనపడదు. పరిమాణాన్ని రేటుతో గుణిస్తే రెండు బిల్లుల్లోనూ విలువ సరిగ్గా కుదురుతుంది. డబ్బు లెక్క సరిపోతే మేత లెక్కా సరిపోయినట్టే అనుకుంటారు. అందుకే బిల్లు మీద ఉన్న పరిమాణం, యూనిట్, బస్తా బరువు మూడూ వేరు వేరు కాలమ్‌లలో ఉంచి, కిలోలు అని ఇంకో కాలమ్ కట్టా. కూడాల్సింది ఆ చివరిదాన్నే, అదీ మేత వరుసల్నే. మినరల్స్ బస్తా 10 కిలోలు, లిక్విడ్‌లు లీటర్లు. వీటిని మేతతో కలిపి ఎట్లా కూడతారు?

"సాఫ్ట్‌వేరే అంతా చేసింది కదా" అని పెద్దాయన అన్నారు. అది అక్షరాలు చదివింది, అంతే. ఒక రెండు పేజీల బిల్లు చెప్తా. మొదటి పేజీలో సరుకు 1,86,400. అడుగున, తర్వాతి పేజీకి తీసుకెళ్లే మొత్తమని సి/ఎఫ్ రాసి అదే అంకె, రెండో పేజీ పైన, ముందు పేజీ నుంచి తెచ్చిన మొత్తమని బి/ఎఫ్ రాసి మళ్లీ అదే అంకె, దాని కింద ఇంకో 54,750 సరుకు. అసలు బిల్లు 2,41,150. సాఫ్ట్‌వేర్ ఆ సి/ఎఫ్, బి/ఎఫ్‌లను కూడా సరుకులనుకుని రెండు వరుసలు వేసి 6,13,950 చేసింది. దీన్ని పట్టుకోవడానికి, బిల్లు అడుగున ఉన్న మొత్తాన్ని ప్రతి వరుసలోనూ J కాలమ్‌లో రాసుకుని ఇది కట్టా. A డీలరు జీఎస్టీ నంబరు, B బిల్లు నంబరు, I సరుకు విలువ.

```
=ROUND(SUMIFS(I:I,A:A,A2,B:B,B2)-J2,0)
```

సున్నా రాని ప్రతి బిల్లుకీ కాగితం తీసి చూడాల్సిందే. ఈ బిల్లుకి 3,72,800 తేడా వచ్చింది. సగం చేస్తే 1,86,400. దొంగ దొరికాడు. బిల్లు నంబరు ఒక్కటే పెడితే కుదరదు, ఇద్దరు డీలర్ల దగ్గరా 112 నంబరు బిల్లు ఉంటుంది.

అసలు నా కడుపుమంట ఈరోజుది కాదు. మూడేళ్లుగా గుంటల దగ్గర సూపర్‌వైజర్లకి మొత్తుకుంటున్నా. అయ్యా, సరుకు కొన్నవాళ్లకిచ్చే ఒరిజినల్ ఒక్కటే పంపండి, లారీ అతని దగ్గరుండే డూప్లికేట్ పంపొద్దని. రెండూ పంపుతారు. వాట్సాప్‌లో ఫోటో తీసి, మూల మీద బొటనవేలు పెట్టి మరీ పంపుతారు. రెండు కాపీలూ ఎక్కితే పై ఫార్ములాలో తేడా సరిగ్గా బిల్లంతే వస్తుంది, అప్పుడు గానీ తెలియదు. చేతిరాత బిల్లుల్లో పై వరుసదే అని రెండు గీతలు పెడతారు, సాఫ్ట్‌వేర్ అక్కడ ఖాళీ వదిలేస్తుంది. అలాంటివి 60కి పైగా నేనే కంటితో చూసి నింపా. పంపేటప్పుడు ఒక్క నిమిషం చూసుంటే నాకు నాలుగు రోజులు మిగిలేవి. ఒక్కరైనా విన్నారా?

నా దగ్గరున్న అసలు షీటు తెరిచి మేత వరుసల్లో కిలోల కాలమ్ కూడి పెద్దాయనకి పంపా. అందులో ఎఫ్‌సీఆర్ 1.4. మేత ఆర్డరు ఆపమని ఫోన్ కూడా చేశా. "రేపు చూద్దాం లేమ్మా" అన్నారు.